ఏడాదికి 52 వారాలే అయితే 53వ వారం ఎక్కడి నుంచి వచ్చింది? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో సబ్బులు, నూనెల టోకు వ్యాపారం చేసే ఒక సంస్థలో చాలాకాలం వారం వారం అమ్మకాల రిపోర్టులు తయారుచేశాను. ఆ పనిలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్నలివి. 2026లో 53 వారాలున్నాయి. దాని తర్వాత వచ్చే 2027 జనవరిలో చాలా ఆఫీసుల ఎక్సెల్ షీట్లు తప్పు చూపించే అవకాశం ఉంది. ఇప్పుడే కూర్చుని రాయడానికి ముఖ్య కారణం అదే.

ఏడాదికి 52 వారాలని చిన్నప్పుడే చదువుకున్నాం. లెక్క ఎందుకు సరిపోదు?

52ని 7తో గుణిస్తే 364 వస్తుంది. మామూలు ఏడాదికి 365 రోజులు, లీపు ఏడాదికి 366. అంటే 52 వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది, లీపు ఏడాదిలో రెండు.

గోడ మీది క్యాలెండర్‌లో ఇది కంటికి కనిపిస్తుంది. 2026 జనవరి 1 గురువారం. అదే ఏడాది డిసెంబరు 31 కూడా గురువారమే. గురువారంతో మొదలై గురువారంతోనే ముగిసింది కాబట్టి ఆ ఏడాదిలో గురువారాలు 53, మిగతా వారాలన్నీ 52 చొప్పున. మిగిలిన ఆ ఒక్క రోజు వల్లే 2027 జనవరి 1 ఒక రోజు ముందుకు జరిగి శుక్రవారం అయింది, 2028 జనవరి 1 శనివారం. 2028 లీపు ఏడాది కాబట్టి రెండు రోజులు జరిగి 2029 జనవరి 1 సోమవారం అవుతుంది. మన పుట్టినరోజు ప్రతి ఏడాదీ వేరే వారం నాడు రావడానికి కారణమూ ఇదే.

ఆ మిగిలిన రోజుని ఎక్కడో సర్దేసి ప్రతి ఏడాదినీ కచ్చితంగా 52 వారాలు చేయొచ్చు కదా?

చేద్దామని చాలామంది చూశారు. అసలు ఇబ్బంది ఏమిటంటే ఏడాదికీ వారానికీ చుట్టరికం లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి సుమారు 365 రోజుల 5 గంటల 48 నిమిషాలు పడుతుంది కాబట్టి ఏడాది ఆకాశం ఇచ్చిన లెక్క. ఏడు రోజుల వారం మాత్రం మనుషులు పెట్టుకున్న వరుస. ఆది, సోమ, మంగళ అంటూ తిరుగుతూనే ఉంటుంది, ఏడాది మారిందని ఆగదు.

క్యాలెండర్‌నే మార్చినప్పుడు కూడా ఆగలేదు. 1752లో బ్రిటన్ పాత క్యాలెండర్ వదిలి గ్రెగొరియన్ క్యాలెండర్‌కి మారింది. ఆ సెప్టెంబరు 2 బుధవారం, మర్నాడే సెప్టెంబరు 14 గురువారం. తేదీల్లో పదకొండు ఎగిరిపోయాయి గానీ బుధవారం తర్వాత గురువారమే వచ్చింది.

ఏడాదికి ఒక రోజుని ఏ వారమూ కాని రోజుగా పక్కన పెడదామన్న ప్రతిపాదనలు 20వ శతాబ్దంలో గట్టిగానే వచ్చాయి. అలా చేస్తే శుక్రవారం నమాజు, శనివారపు సబ్బాతు, ఆదివారపు ఆరాధన అన్నీ ఏటా ఒక రోజు జరిగిపోతాయి. మత సంస్థలు ఒప్పుకోలేదు, ఆ ప్రతిపాదనలు అక్కడే ఆగాయి. కంపెనీ లోపలి లెక్కలకు మాత్రం కొడాక్ సంస్థ 28 రోజుల నెలలు పదమూడు చొప్పున ఉండే క్యాలెండర్‌ని 1928 నుంచి 1989 దాకా వాడింది. 13 × 28 కూడా 364 కాబట్టి ఆ పద్ధతిలోనూ ఏటా ఒక రోజు మిగిలేది.

మన పంచాంగంలో వారాల నంబర్లు ఎందుకు కనిపించవు?

తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అన్న అయిదు అంగాల్లో ‘వారం’ ఉన్నా, దాని అర్థం సోమవారమా మంగళవారమా అన్నదే. ఏడు రోజుల మూటకి మనవాళ్లు నంబరు వేయలేదు. మాసం, పక్షం, తిథి చెబితే సరిపోయేది. అందుకే ‘37వ వారం’ అంటే ఏ నెలో మనకి చటుక్కున తట్టదు. జర్మనీ కంపెనీలతో పనిచేసే మన సాఫ్ట్‌వేర్ పిల్లలకి మాత్రం ఇది మామూలే. అక్కడ డెలివరీ ఎప్పుడని అడిగితే తేదీ బదులు వారం నంబరే చెబుతారు.

మరి ఒకటో వారం ఎక్కడ మొదలవుతుంది?

గొడవంతా ఇక్కడే. జనవరి 1 సోమవారం నాడే వస్తే ఎవరికీ సందేహం ఉండదు. వారం మధ్యలో వస్తే ఆ వారాన్ని పాత ఏడాదిలో వేయాలా, కొత్త ఏడాదిలో వేయాలా?

ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతులు రెండు. మొదటిది ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం. ఇందులో వారం సోమవారం మొదలై ఆదివారం ముగుస్తుంది. వారాన్ని ముక్కలు చేయరు, గురువారం ఏ ఏడాదిలో పడితే వారమంతా ఆ ఏడాదిదే. గురువారమే ఎందుకంటే అది సోమ–ఆదివారాల నడిమి రోజు. అది ఎటు ఉంటే కనీసం నాలుగు రోజులు అటే ఉన్నట్టు. గుర్తుపెట్టుకోవడానికి ఇంకో తేలిక మాట, జనవరి 4 ఉన్న వారమే ఒకటో వారం.

రెండోది ఎక్సెల్ పాత ఫంక్షన్ `WEEKNUM` లెక్క. ఏమీ చెప్పకుండా వదిలేస్తే అది వారాన్ని ఆదివారంతో మొదలుపెడుతుంది, జనవరి 1 ఉన్న వారాన్నే ఒకటి అంటుంది. ఆ వారంలో జనవరి రోజు ఒక్కటే ఉన్నా సరే. డిసెంబరు 31 దాటగానే వారం మధ్యలో ఉన్నా కత్తిరించి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. అందువల్ల ఏడాది మొదట్లో, చివర్లో కురచ వారాలు వస్తాయి. 2000 సంవత్సరంలో ఈ లెక్క 54 దాకా వెళ్లింది, 2028లో మళ్లీ వెళ్తుంది. జనవరి 1 శనివారం వచ్చిన లీపు ఏడాదుల్లో అలా జరుగుతుంది.

53 వారాల ఏడాది ఎప్పుడెప్పుడు వస్తుంది?

ఐఎస్ఓ లెక్కలో ఏ ఏడాదిలో 53 గురువారాలు ఉంటే ఆ ఏడాదికి 53 వారాలు. జనవరి 1 గురువారం కావాలి, లేదా లీపు ఏడాదై జనవరి 1 బుధవారం కావాలి. 2009, 2015, 2020, 2026, 2032, 2037 అలాంటివి. 400 ఏళ్లలో 71 సార్లు వస్తుంది కాబట్టి అయిదారేళ్లకి ఒకసారి అనుకోవచ్చు. 400 ఏళ్లకి సరిగ్గా 20,871 వారాలు, ఒక్క రోజు కూడా మిగలదు. ఏడాదికేడాది లెక్క సరిపోకపోయినా అంత దూరం వెళ్తే వారమూ క్యాలెండరూ మళ్లీ కలుస్తాయి.

2026లో 53వ వారం డిసెంబరు 28 సోమవారం నుంచి 2027 జనవరి 3 ఆదివారం దాకా. అంటే 2027 జనవరి 1 నాటి బిల్లు ఐఎస్ఓ ప్రకారం 2026 ఏడాది 53వ వారంలోకి వెళ్తుంది.

ఇంత వివరం ఎందుకు? ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

మా దగ్గర ఏమైందో చెబుతాను. 2025 జనవరి మొదట్లో రిపోర్టు తీశాను. 2024 ఒకటో వారం అమ్మకం 4.8 లక్షలు, 2025 ఒకటో వారం 2.4 లక్షలు. సరిగ్గా సగం. యజమాని పెద్దాయన కాగితం చూసి, “ఏం బాబూ, సంక్రాంతి ముందు సరుకు కదలకపోతే ఎలా? సేల్స్ వాళ్లని పిలువు” అన్నారు. సేల్స్ కుర్రాళ్లు నలుగురూ వచ్చి నిలబడ్డారు. అందులో ఒకడు మాత్రం, “సార్, పోయిన వారం ఆటో రోజూ నిండుగానే వెళ్లింది. కావాలంటే బిల్లు పుస్తకం చూడండి” అన్నాడు.

ఆ రాత్రి బిల్లులన్నీ తేదీల వారీగా పరిచి చూశాను. షీటులో వారం పేరు తయారుచేయడానికి నేను రాసిన ఫార్ములా ఇది:

```
=YEAR(A2)&"-W"&TEXT(ISOWEEKNUM(A2),"00")
```

వారం నంబరు ఐఎస్ఓది, ఏడాది మాత్రం తేదీలోది. తప్పంతా ఆ జోడింపులోనే ఉంది. 2024 డిసెంబరు 30, 31 ఐఎస్ఓ ప్రకారం 2025 ఒకటో వారంలోవి. `ISOWEEKNUM` సరిగ్గానే 1 అంది. కానీ `YEAR` 2024 అంది. రెండూ కలిసి ఆ రెండు రోజుల బిల్లులకి 2024-W01 అని పేరు పెట్టాయి. అవి పోయి దాదాపు ఏడాది కిందటి జనవరి మొదటి వారంలో కూర్చున్నాయి.

మాకు ఆదివారం సెలవు, రోజుకి సుమారు 60 వేల అమ్మకం. 2024 జనవరి 1 నుంచి 7 దాకా పనిరోజులు ఆరు, అమ్మకం 3.6 లక్షలు. వాటిమీద డిసెంబరు రెండు రోజులు వచ్చి పడేసరికి 4.8 అయింది. 2025 ఒకటో వారానికి ఆరు పనిరోజులు ఉండాల్సింది నాలుగే మిగిలాయి, 2.4 అయింది. నిజానికి రెండు వారాలూ 3.6, 3.6. అమ్మకం ఒక్క రూపాయి కూడా పడలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ నలుగురికీ ముందు సారీ చెప్పి, తర్వాత పెద్దాయనకి చూపించాను.

సరైన ఫార్ములా ఇది. తేదీ నుంచి ఆ వారపు గురువారానికి వెళ్లి, ఏడాదిని అక్కడి నుంచి తీసుకుంటుంది:

```
=YEAR(A2-WEEKDAY(A2,2)+4)&"-W"&TEXT(ISOWEEKNUM(A2),"00")
```

2027 జనవరి 1కి ఇది 2026-W53 ఇస్తుంది. పాత ఫార్ములా అయితే 2027-W53 అని అసలు లేని వారాన్ని పుట్టిస్తుంది, పివట్ టేబుల్‌లో అది 2027 చివర్లో కనిపిస్తుంది. జనవరిలోనే 53వ వారం అమ్మకం కనబడుతోందంటే ఈ తప్పు ఉన్నట్టే. డేటాబేస్ నుంచి రిపోర్టు తీసేవాళ్లకి పోస్ట్‌గ్రెస్‌లో జాగ్రత్తపడాల్సింది కూడా ఇదే జోడింపు. `IW` పక్కన `YYYY` కాదు, `IYYY` రాయాలి:

```
to_char(bill_date, 'IYYY-"W"IW')
```

మా షీటు ఇన్నేళ్లుగా బాగానే నడుస్తోంది. 2027లో కొత్తగా ఏం తేడా వస్తుంది?

అందరూ శ్రద్ధగా చూడాల్సింది ఇదే. హెడ్డాఫీసు `ISOWEEKNUM` వాడుతోంది, మీ బ్రాంచి `WEEKNUM` వాడుతోంది అనుకుందాం. 2024, 2025, 2026 మూడేళ్లూ జనవరి 1 సోమ, బుధ, గురువారాల్లో వచ్చింది. అలాంటప్పుడు జనవరి 1 ఉన్న వారమూ, ఐఎస్ఓ ఒకటో వారమూ ఒకటే. కాబట్టి సోమవారం నుంచి శనివారం దాకా రెండు ఫంక్షన్లూ ఏడాది పొడవునా ఒకే నంబరు ఇస్తాయి. తేడా ఆదివారాల్లోనూ, 2024, 2025 డిసెంబరు చివరి రెండు మూడు రోజుల్లోనూ మాత్రమే. ఆదివారం బిల్లులు లేని వ్యాపారంలో రెండు లెక్కలు కలిసిపోయాయని ఎవరికీ తెలియదు.

2027 జనవరి 1 శుక్రవారం. `WEEKNUM` ఆ శుక్రవారం, శనివారాలనే ఒకటో వారం అనేస్తుంది. జనవరి 4 సోమవారానికి అది 2 అంటుంది, ఐఎస్ఓ 1 అంటుంది. అక్కడి నుంచి ఏడాదంతా పనిరోజులన్నిటికీ ఒక నంబరు తేడా. 2028లోనూ అంతే. 2029 జనవరి 1 సోమవారం కాబట్టి మళ్లీ కలుస్తాయి. బ్రాంచి వాళ్లు 10వ వారం అని పంపింది హెడ్డాఫీసు 10వ వారంలో వేసుకుంటుంది, నిజానికి అది హెడ్డాఫీసు లెక్కలో 9వ వారం. మొత్తం సరిపోతుంది గనక ఎక్కడా ఎర్రర్ రాదు. వారం వారీ స్టాకు మాత్రం ఎప్పుడూ ఒక వారం జరిగి ఉంటుంది.

మీ షీటు ఏ లెక్కలో ఉందో తెలుసుకోవడం రెండు నిమిషాల పని. మూడు తేదీలు వేసి చూడండి: 2026 డిసెంబరు 31, 2027 జనవరి 1, 2027 జనవరి 4. వరసగా 53, 53, 1 వస్తే అది ఐఎస్ఓ. 53, 1, 2 వస్తే అది పాత `WEEKNUM`. ఫార్ములా మార్చాలంటే `WEEKNUM(A2,21)` అని రాసినా ఐఎస్ఓ లెక్కే వస్తుంది, `ISOWEEKNUM` లేని పాత ఎక్సెల్ ఉన్నవాళ్లకి ఇది పనికొస్తుంది. రెండు లెక్కల్లో ఏదైనా తప్పు కాదు, అందరూ ఒకటే వాడాలి. నన్ను అడిగితే వారం ముక్కలు కాని ఐఎస్ఓనే మంచిది.

53వ వారాన్ని పోయిన ఏడాదితో ఎలా పోల్చాలి?

మొత్తం ఏడాదిని పోల్చేటప్పుడు ముందు ఒక వారం ఎక్కువుందని కాగితం మీద రాయండి. వారానికి 4 లక్షలు అమ్మే వ్యాపారం 52 వారాల్లో 2.08 కోట్లు, 53 వారాల్లో 2.12 కోట్లు చేస్తుంది. ఎవరూ ఏమీ ఎక్కువ అమ్మకుండానే 1.9 శాతం పెరుగుదల కనిపిస్తుంది. తర్వాతి ఏడాది అంతే తరుగుదల కనిపిస్తుంది, అప్పుడే సేల్స్ వాళ్లకి టెన్షన్ మొదలవుతుంది.

పెద్ద కంపెనీలకీ ఇది తప్పదు. యాపిల్ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు చివరి శనివారంతో ముగుస్తుంది, అంటే నెలలతో కాదు, వారాలతో నడుస్తుంది. మామూలుగా త్రైమాసికానికి 13 వారాలు. వాళ్ల 2023 ఆర్థిక సంవత్సరం 53 వారాలది, అదనపు వారం మొదటి త్రైమాసికంలో వచ్చి అది 14 వారాలైంది. మరుసటి ఏడాది అదే త్రైమాసికం ఫలితాలు చెప్పేటప్పుడు, పోయినసారి ఒక వారం ఎక్కువుందని కంపెనీ విడిగా చెప్పింది. అమెరికాలో 4-4-5, 4-5-4 అని నెలలని వారాల్లో కట్టుకునే రిటైల్ కంపెనీలన్నీ ఇలాగే అయిదారేళ్లకోసారి ఒక వారం చేరుస్తాయి.

ఒక్కో వారాన్ని పోల్చేటప్పుడు నంబరుకి నంబరు పెట్టకండి, తేదీ నుంచి 364 రోజులు వెనక్కి వెళ్లండి. అప్పుడు సోమవారం ఎదురుగా సోమవారమే వస్తుంది. 2027 ఒకటో వారం జనవరి 4న మొదలవుతుంది, 364 రోజులు వెనక్కి వెళ్తే 2026 జనవరి 5, అంటే రెండో వారం. సంక్రాంతి చూస్తే ఇది ఎందుకు సరైనదో తెలుస్తుంది. జనవరి 14, 15, 16 తేదీలు 2026లో మూడో వారంలో ఉన్నాయి, 2027లో రెండో వారంలో. నంబర్లతో పోలిస్తే పండగ వారం పక్కన మామూలు వారం వస్తుంది. 364 రోజుల లెక్కలో పండగ ఎదురుగా పండగే ఉంటుంది.

దసరాకి మాత్రం ఈ చిట్కా పనిచేయదు. అది తిథిని బట్టి వస్తుంది. విజయదశమి 2025లో అక్టోబరు 2, అంటే 40వ వారం. 2026లో అక్టోబరు 20, అంటే 43వ వారం. బట్టలు, బండ్లు అమ్మేవాళ్లు అక్కడ వారం నంబరు వదిలేసి, దసరాకి ముందు మూడు వారాలు, తర్వాత ఒక వారం అని పండగ నుంచి లెక్కపెట్టి పోల్చుకోవాలి.

మనకి ఏప్రిల్ నుంచి మార్చి కదా. ఆర్థిక సంవత్సరపు వారాలకి నంబర్లు ఎలా వేయాలి?

జీఎస్టీ, ఆదాయపు పన్ను లెక్కలు నెలలతో, త్రైమాసికాలతో నడుస్తాయి, వారాల నంబర్లతో వాటికి పని లేదు. అందుకని ఏప్రిల్ 1 నుంచి ఏడేసి రోజులు కట్టుకుంటూ పోయే ఆఫీసులు ఉన్నాయి. 2026 ఏప్రిల్ 1 బుధవారం కాబట్టి వాళ్ల వారం బుధవారం నుంచి మంగళవారం దాకా, 2027 మార్చి 31 ఒక్కటే 53వ వారం. ఒక్క రోజు వారం రిపోర్టులో పాతాళానికి పడిపోయిన గీతలా కనిపిస్తుంది. పైగా వచ్చే ఏడాది వారం గురువారం మొదలవుతుంది.

నేను చేసేది ఇది. వారానికి ఐఎస్ఓ నంబరే ఉంచుతాను. ఆర్థిక సంవత్సరం మొత్తాన్ని వారాల నుంచి కాకుండా బిల్లు తేదీల నుంచి కూడతాను. 2026 మార్చి 30 నుంచి ఏప్రిల్ 5 దాకా ఉన్న 14వ వారం రెండు ఆర్థిక సంవత్సరాల్లోకి వస్తుంది, వారాల మొత్తాలు కూడితే మార్చి రెండు రోజులూ ఇటు వచ్చేస్తాయి.

నంబరు అసలు లేకుండా రిపోర్టు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. రిజర్వ్ బ్యాంకు విదేశీ మారక నిల్వలు ప్రతి శుక్రవారం ప్రకటిస్తుంది. అక్కడ ఎన్నో వారమో చెప్పరు, ఫలానా తేదీతో ముగిసిన వారం అంటారు. ఆ మాటలో సందేహానికి చోటే లేదు. మా రిపోర్టులోనూ ఇప్పుడు నంబరు పక్కన సోమవారం తేదీ తప్పకుండా ఉంటుంది:

```
=A2-WEEKDAY(A2,2)+1
```

2026-W53 అన్న గడి పక్కనే 28-12-2026 అని ఉంటే, గోడౌన్‌లో ఉన్న కుర్రాడికి కూడా అది ఏ వారమో ఎవరినీ అడగక్కర్లేదు.